తక్‌పట్టీ లేని బేరం



ఈసారి సంచికలో కవిత రాయమని సంపాదకవర్గం మిత్రులు అడిగారు. రెండేళ్లుగా మనసులో ఉన్న ఒక విషయం మీద వ్యాసమే రాస్తానని అన్నాను. 2024 ఏప్రిల్‌లో, ఐపీఎల్ మ్యాచ్‌లు జరుగుతున్న రోజుల్లో, మన హాస్టల్‌లో జరిగిన సంగతి ఇది. అప్పుడు నేను డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. పక్క గదిలో డిగ్రీ రెండో సంవత్సరం తమ్ముడొకడు ఉండేవాడు. పేరు రాయడం లేదు, ఇప్పుడు బాగానే ఉన్నాడు. సెమిస్టర్ పరీక్ష ఫీజుకు రేపే ఆఖరు రోజనగా రాత్రి పదకొండు గంటలకు నా మంచం దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. "అన్నా, ఫీజు పైసలు లేవు" అన్నాడు. వాళ్లమ్మ పది రోజుల కిందనే పంపిందని నాకు తెలుసు. ఏమైనయిరా అని అడిగితే తల దించుకుని ఫోన్ నా చేతికిచ్చాడు. అందులో రంగులు చెప్పే ఆట ఉంది. ఎరుపు, ఆకుపచ్చ, వైలెట్.

ఎందుకు మొదలుపెట్టినవని అడిగాను. ఒక వీడియో చూపించాడు. అందులోని మనిషి మన యాసలోనే మాట్లాడుతున్నాడు, మన ఊళ్లలాంటి ఊళ్లోనే తిరుగుతున్నాడు. తమ్ముడు అతని వీడియోలు రెండేళ్లుగా చూస్తున్నాడట. అప్పుడు అతను నన్ను ఒక ప్రశ్న అడిగాడు. "గాయన ఎందుకు అబద్ధం చెప్తడన్నా? మనతోని ఆయనకేం పని?"

ఆ రాత్రి నా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసం ఆ జవాబు కోసమే.

మా నాన్న ఎకరంన్నర కౌలు భూమిలో పత్తి వేస్తాడు. చదువు లేదు. మా ఇంట్లో డిగ్రీ పట్టా తెచ్చుకున్న మొదటివాణ్ని నేనే. చిన్నప్పుడు ఆయనతో పాటు ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లేవాణ్ని. పత్తి అమ్మిన తర్వాత అడ్తి దుకాణంలో ఒక చీటీ ఇస్తారు. దాన్ని తక్‌పట్టీ అంటారని మీలో చాలామందికి తెలుసు. తూకం ఎంత, ధర ఎంత, హమాలీ ఎంత, దడ్వాయి ఎంత, అడ్తి కమీషన్ ఎంత, అన్నీ పోను చేతికి వచ్చేది ఎంత అనేది అందులో ఉంటుంది. నాన్నకు చదవరాదు కాబట్టి నాతో చదివించుకునేవాడు. కమీషన్ దగ్గరికి రాగానే "మల్లొకసారి సదువు" అనేవాడు. అడ్తిదారు ఎంత మర్యాదగా మాట్లాడినా, చాయ్ పోసినా, మన పంట అమ్మితేనే అతనికి వాటా వస్తుందన్న సంగతి నాన్న ఎన్నడూ మరిచిపోలేదు. అది అతని వ్యాపారమని తెలుసు, తప్పుపట్టలేదు. కానీ చీటీ చూడకుండా మాత్రం వెనక్కి రాలేదు.

బెట్టింగ్ యాప్ ప్రకటనలో కూడా ఒక అడ్తిదారు ఉంటాడు. అతనికి కూడా కమీషన్ ఉంటుంది. తేడా ఏమిటంటే ఇక్కడ తక్‌పట్టీ ఉండదు. చాయ్ మాత్రమే ఉంటుంది.

వీడియోలు చేసేవాళ్లకు ఈ యాప్‌ల నుంచి డబ్బు మూడు రకాలుగా వస్తుంది. మొదటిది, ఒక్కో వీడియోకు ఇంత అని ముందే మాట్లాడుకున్న మొత్తం. సినిమావాళ్లకు, పేరు మోసినవాళ్లకు ఎక్కువగా ఇదే. రెండోది తలకింత లెక్క. అతని లింక్ ద్వారా యాప్‌లోకి వచ్చి, మొదటిసారి డబ్బు వేసిన ఒక్కో మనిషికి ఇంత అని ఇస్తారు. మూడోది వాటా. అతని లింక్ మీద వచ్చినవాళ్లు పోగొట్టుకున్న మొత్తంలో అతనికి ఇంత శాతం. విదేశాల నుంచి నడిచే బెట్టింగ్ కంపెనీలు ఈ మూడో పద్ధతిని దాచుకోవు. "మాతో భాగస్వాములు కండి" అని 25 శాతం, 30 శాతం, అంతకంటే ఎక్కువ కూడా బహిరంగంగానే ప్రకటిస్తాయి. ఆటగాళ్లు గెలిచిన సొమ్ము పోగా కంపెనీకి మిగిలినదే ఆ వాటాకు ఆధారం. కంపెనీకి మిగిలేది అంటే మనం పోగొట్టుకున్నదే కదా.

ఆ రాత్రి తర్వాత నేనూ తమ్ముడూ కూర్చుని అతని ఫోన్‌లో యూపీఐ చెల్లింపుల చరిత్ర మొత్తం కాగితం మీద రాశాం. "ఎంత పోయిందిరా" అంటే మొదట "నాలుగైదు వేలన్నా" అన్నాడు. అబద్ధం చెప్పలేదు, నిజంగానే అంతే అనుకుంటున్నాడు. కాగితం మీద లెక్క ఇలా తేలింది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా 41 సార్లు డబ్బు వేశాడు. అన్నీ 200, 300, 500 చొప్పునే. మొత్తం 14,600 రూపాయలు. తిరిగి బ్యాంకులోకి వచ్చింది మూడుసార్లు, మొత్తం 2,350. పోయింది 12,250 రూపాయలు. వచ్చిన ఆ మూడుసార్లూ అతనికి తేదీలతో సహా గుర్తున్నాయి. వేసిన 41 సార్లలో సగం కూడా గుర్తు లేవు. చిన్న చిన్న మొత్తాలుగా పోయిన డబ్బు మనసులో కూడుకోదు, కాగితం మీదనే కూడుతుంది.

ఇప్పుడు వాటా లెక్క వేయండి. 30 శాతం అనుకుంటే, ఒక్క మన తమ్ముడి మీదనే ఆ లింక్ యజమానికి 3,675 రూపాయలు. అలాంటివాళ్లు వందమంది ఉంటే మూడు లక్షల అరవై ఏడు వేల అయిదు వందలు. "మనతోని ఆయనకేం పని" అన్న ప్రశ్నకు మొదటి జవాబు ఇది. అడ్తిదారుకు రైతుతో ఉన్న పనే ఆయనకు మనతో ఉంది. అయితే అడ్తిదారుకు మన పంట మంచి ధర పలికితే కమీషన్ పెరుగుతుంది. ఈయనకు మనం ఎక్కువ ఓడితే పెరుగుతుంది.

ఇక ఆ వీడియోనే చూద్దాం. నలభై సెకన్లు ఉంటుంది. మేము దాన్ని పదిసార్లు చూసి, పాఠ్యపుస్తకం చదివినట్టు ముక్కలు ముక్కలుగా చదివాం. ఇలాంటి వీడియోలు ఇంకా కొన్ని చూశాక అన్నింటి నడక దాదాపు ఒకటేనని అర్థమైంది.

మొదటి పది సెకన్లలో యాప్ ఊసే లేదు. బండి కిస్తీ కట్టలేక ఇబ్బంది పడిన రోజులు, అమ్మ మందులు, చేతిలో పైసా లేని నెలాఖరు, ఇవే ఉంటాయి. ఇందులో ఒక్క వాక్యం కూడా ఆట గురించిన సమాచారం కాదు. ఇది మన గురించి. మన ఇబ్బందిని మన యాసలో చెప్పి, తాను మనవాడినని నమ్మించడమే ఈ భాగం పని. తర్వాత వచ్చే మాటను మనం తూకం వేయకుండా తీసుకునేటట్టు చేసేది ఇదే.

తర్వాతి పదిహేను సెకన్లు ఫోన్ తెర. 1,000 రూపాయలు వేశాడు, రెండు మూడు ఆటల్లో 18,000 అయింది. ఇక్కడ ఏం కనిపించింది, ఏం కనిపించలేదు అని వేరు చేసి చూడాలి. కనిపించింది యాప్‌లోని అంకె. అది కంపెనీ తన సర్వర్‌లో రాసిన అంకె మాత్రమే, బ్యాంకులో డబ్బు కాదు. ప్రచారం చేసేవాళ్ల కోసం కంపెనీలే డబ్బు నింపి ఇచ్చే ఖాతాలు ఉంటాయి. ఆ ఖాతాలో ఓడినా అతని జేబుకు చిల్లి పడదు. నిజంగా తన డబ్బే పెట్టి ఆడాడనుకున్నా, ఇరవైసార్లు తీసిన రికార్డింగ్‌లలో గెలిచిన ఒక్కదాన్నే మనకు చూపిస్తే అందులో అబద్ధమేమీ ఉండదు, నిజమూ ఉండదు. ఇక కనిపించనిది ఆ పద్దెనిమిది వేలు అతని బ్యాంకు ఖాతాలోకి రావడం. బ్యాంకు మెసేజ్ చూపించేవాళ్లూ ఉన్నారు కానీ, మెసేజ్ బొమ్మ తయారు చేయడం రెండు నిమిషాల పని. మన తమ్ముడు కూడా ఎవరికైనా చూపించాలనుకుంటే తనకు వచ్చిన ఆ మూడు మెసేజ్‌లే చూపించేవాడు. అవి నిజమైన మెసేజ్‌లే. 41 చెల్లింపుల కాగితం పక్కన పెట్టి చూస్తే గాని వాటి అర్థం తెలియదు.

ఆ తర్వాత "నా లింక్ బయోలో ఉంది, నా కోడ్ కొడితేనే బోనస్" అంటాడు. ఈ ఒక్క వాక్యమే మొత్తం వీడియోలో పచ్చి నిజం. ఆ కోడ్ మనకోసం కాదు. ఈ మనిషిని ఎవరు తెచ్చారో కంపెనీ లెక్క రాసుకోవడానికి. పత్తి బస్తా మీద అడ్తిదారు వేసే గుర్తు లాంటిది. ఏ ప్రకటనలోనైనా "నా లింకే", "నా కోడే" అని పట్టుబట్టి చెబుతుంటే అక్కడ కమీషన్ ఉందని అర్థం. ఇక బోనస్ సంగతి. 500 వేస్తే ఇంకో 500 ఇస్తామంటారు. అది వెంటనే తీసుకునే డబ్బు కాదు. దానికి ఇన్ని రెట్లు ఆడితేనే బయటికి తీయనిస్తామన్న షరతు లోపల ఉంటుంది. పది రెట్లు అని ఉంటే, ఆ 500 చేతికి రావడానికి ముందు 5,000 రూపాయల పందేలు కాయాలి. అన్ని పందేలు కాసేలోపు ఏమవుతుందో కింద లెక్క వేస్తాను.

చివరి మూడు సెకన్లలో, రెట్టింపు వేగంతో, "ఇందులో ఆర్థిక నష్టం ఉండవచ్చు, 18 ఏళ్లు నిండినవారే ఆడాలి, మీ బాధ్యత మీదే" అని వస్తుంది. ఈ మాట ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోవాలి. డబ్బు పెట్టి ఆడే ఆటల ప్రకటనల కోసం భారత ప్రకటనల ప్రమాణాల మండలి, అంటే ఆస్కి, 2020 చివరలో కొన్ని నియమాలు పెట్టింది. 18 ఏళ్ల లోపువారు ఆడుతున్నట్టు చూపకూడదు. నష్టభయం ఉందని, అలవాటుగా మారవచ్చని స్పష్టంగా చెప్పాలి. ఇది సంపాదన మార్గమని, ఉద్యోగానికి బదులని చూపకూడదు. మన వీడియో వీటిలో రెండోదాన్ని మూడు సెకన్లలో అరిచేసి, మూడోదాన్ని మొదటి పది సెకన్లలోనే తుంగలో తొక్కింది. ఆ హెచ్చరిక మనల్ని కాపాడటానికి పెట్టినది. వాళ్లు దాన్ని "మేం ముందే చెప్పాం కదా" అనడానికి వాడుకుంటున్నారు.

ఇప్పుడు ఆట లెక్క. నేను చదివేది ఎం.కాం. కాబట్టి ఇది నాకు వచ్చిన పని. రంగుల ఆటలో మామూలుగా ఉండే నిబంధన ఇది. ప్రతి ఆటలో 0 నుంచి 9 వరకు ఒక అంకె వస్తుంది. 1, 3, 7, 9 ఆకుపచ్చ. 2, 4, 6, 8 ఎరుపు. 5 వస్తే ఆకుపచ్చతో పాటు వైలెట్, 0 వస్తే ఎరుపుతో పాటు వైలెట్. ఆకుపచ్చ మీద 100 రూపాయలు పెడితే 2 రూపాయలు రుసుము పోయి 98 పందెంగా మిగులుతుంది. ఉత్త ఆకుపచ్చ వస్తే దానికి రెట్టింపు, అంటే 196 వస్తుంది. 5 వస్తే ఒకటిన్నర రెట్లు, అంటే 147. మిగతా అయిదు అంకెల్లో ఏది వచ్చినా సున్నా.

పది ఆటలు ఆడి, పది అంకెలూ తలా ఒకసారి వచ్చాయనుకోండి. మనం పెట్టింది 1,000. వచ్చేది నాలుగుసార్లు 196, ఒకసారి 147, మొత్తం 931. అంటే ఏ మోసమూ లేకపోయినా, అదృష్టం సమంగా ఉన్నా, పది ఆటలకు 69 రూపాయలు పోతాయి. చూడటానికి సగానికి సగం అవకాశం ఉన్నట్టే ఉంటుంది. చిల్లు వైలెట్‌లోనూ, రుసుములోనూ ఉంది. ఆట నిమిషానికొకటి నడిస్తే గంటకు అరవై ఆటలు, సగటున 414 రూపాయల నష్టం. ఒక గంటలో గెలిచి లేచేవాళ్లు ఉంటారు. కానీ లేచినవాడు రేపు మళ్లీ వస్తాడు, రోజులు పెరిగేకొద్దీ అందరూ ఆ సగటు దగ్గరికే చేరుకుంటారు. పైన చెప్పిన 5,000 రూపాయల పందేల షరతు పూర్తి చేసేసరికి సగటున 345 రూపాయలు పోతాయి. ఇచ్చిన బోనస్‌లో మూడింట రెండు వంతులు అక్కడే తిరిగి తీసుకున్నట్టు.

ఇది కూడా ఆట నిజాయితీగా నడిస్తేనే. అంకెను తీసేది కంపెనీ సర్వరే. ఎరుపు మీద ఎంత డబ్బు ఉంది, ఆకుపచ్చ మీద ఎంత ఉంది అన్నది అంకె తీయకముందే దానికి తెలుసు. దాన్ని తనిఖీ చేసేవాడు ఎవరూ లేరు. ఇక టెలిగ్రాం గ్రూపుల్లో "తర్వాతి రంగు మేం చెప్తాం" అనేవాళ్ల సంగతి ఇంకా తేలిక. వెయ్యిమందిలో సగం మందికి విడివిడిగా ఎరుపు అని, సగం మందికి ఆకుపచ్చ అని పంపితే, అయిదు ఆటల తర్వాత అయిదూ సరిగ్గా అందుకున్నవాళ్లు దాదాపు 31 మంది మిగులుతారు. వాళ్లకు అతను దేవుడు. ఆ 31 మంది పెట్టే మెప్పు మాటలే రేపటి వీడియోలో కనిపిస్తాయి. తప్పు మెసేజ్ అందుకున్న 969 మంది అందులో కనిపించరు.

ఇదంతా చిన్న చిన్న వీడియోలవాళ్ల సంగతే అనుకోవద్దు. 2025 మార్చిలో మన రాష్ట్రంలోనే ఈ విషయం ఎంత పైదాకా వెళ్లిందో అందరం చూశాం. అప్పటి ఆర్టీసీ ఎండీ వి.సి. సజ్జనార్ బెట్టింగ్ యాప్‌ల ప్రచారానికి వ్యతిరేకంగా సామాజిక మాధ్యమాల్లో వరుసగా రాశారు. మార్చి 17న హైదరాబాద్ పంజాగుట్ట పోలీసులు 11 మంది యూట్యూబర్లు, టీవీ నటులపై కేసు పెట్టారు. అదే వారంలో మియాపూర్ పోలీసులు 25 మందిపై పెట్టిన కేసులో రానా దగ్గుబాటి, ప్రకాశ్ రాజ్, విజయ్ దేవరకొండ, మంచు లక్ష్మి వంటి సినిమావారి పేర్లు ఉన్నాయి. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి అసెంబ్లీలో ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని ప్రకటించారు. జూలైలో రంగంలోకి దిగిన ఈడీ కూడా ఈ నటులను పిలిచి విచారించింది. కేసులో పేరు ఉన్నంత మాత్రాన నేరం రుజువైనట్టు కాదు. అది తేల్చాల్సింది కోర్టులు. నేను మాట్లాడేది వాళ్లు ఇచ్చిన జవాబుల గురించి. ప్రకటనలు చదవడం నేర్చుకోవడానికి అవి మంచి పాఠాలు.

ప్రకాశ్ రాజ్ తాను 2016లో ఒక ఆట ప్రకటన చేశానని, అది తప్పని తర్వాత తెలుసుకుని 2017లో ఒప్పందం పొడిగించలేదని చెప్పారు. విజయ్ దేవరకొండ తాను ప్రచారం చేసింది బెట్టింగ్ యాప్‌కు కాదని, చట్టబద్ధమైన గేమింగ్ యాప్‌కని చెప్పారు. రానా తరఫువారు అది నైపుణ్యం ఆధారంగా ఆడే ఆట అని, చట్టం అనుమతించిన ప్రాంతాలకే పరిమితమని అన్నారు. ఈ జవాబులన్నీ చట్టం ముందు నిలుస్తాయో లేదో న్యాయవాదులు చూసుకుంటారు. పాఠకుడిగా మనం గమనించాల్సింది వేరు. నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా ఒప్పంద పత్రంలో ఉంటుంది, చూసేవాడి కంటికి ఆనదు. మనకు కనిపించేది ఒక హీరో, ఒక నవ్వు, ఒక గెలుపు. 2017లోనే తెలంగాణ ప్రభుత్వం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి, డబ్బు పెట్టి ఆడే రమ్మీతో సహా ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. అయినా ఆ ప్రకటనలు మన ఫోన్లలోకి వస్తూనే ఉండేవి. ఫలానా రాష్ట్రంలో మాత్రమే అన్న సరిహద్దు చిన్న అక్షరాల్లో ఉంటుంది, హీరో ముఖానికి మాత్రం సరిహద్దు లేదు. ఇంకొకటి, హీరో ఒప్పందం ముగించుకున్నాక కూడా ఆ వీడియో ఎక్కడో ఒకచోట తిరుగుతూనే ఉంటుంది. మనం చూసే రోజున ఆయన దాన్ని నమ్ముతున్నాడో లేదో వీడియో చెప్పదు.

2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం లభించింది. డబ్బు పెట్టి ఆడే ఆటలు నడిపితే మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. వాటిని ప్రచారం చేస్తే రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా. నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా ఈ చట్టంలో లేదు. దీని తర్వాత దేశంలోని పెద్ద కంపెనీలు డబ్బు ఆటలు ఆపేశాయి. అయితే మన తమ్ముడి ఫోన్‌లో ఉన్నది అలాంటి కంపెనీ కాదు. అది ప్లే స్టోర్‌లో దొరికేది కాదు, టెలిగ్రాంలో పంపిన ఏపీకే ఫైలు. పేరు మారుస్తుంది, చిరునామా మారుస్తుంది. డబ్బు వేసిన ప్రతిసారీ యూపీఐలో వేరే వేరే పేరు వచ్చేది. ఒకసారి కిరాణా దుకాణం, ఒకసారి మొబైల్ షాపు, ఒకసారి ఎవరిదో సొంత పేరు. అవి అద్దెకు తీసుకున్న ఖాతాలు. ఒకే కంపెనీకి డబ్బు పంపుతున్నాననుకుంటూ ప్రతిసారీ వేరే మనిషికి పంపుతుంటే, అంతకు మించిన ప్రమాద సూచన లేదు.

ఇప్పుడు నేను రాయడానికి వెనకాడిన భాగం. ఆ తమ్ముడు పోయిన డబ్బు రాబట్టడానికి తనకు వచ్చిన కోడ్‌ను మన హాస్టల్‌లోనే పంచాడు. ఆరుగురు చేరారు. అందులో నేనొకణ్ని. 300 వేశాను, 540 అయింది, తీయబోతే బోనస్ షరతు పూర్తి కాలేదన్నది, ఆడితే మొత్తం పోయింది. ఆనాడు అతను నాకు చెప్పిన మాటలు, వీడియోలోని మనిషి చెప్పిన మాటలు ఒకటే. "నాకు వచ్చినయన్నా, నువ్వు కూడా సూడు." అతను అబద్ధం చెప్పలేదు. అతనికి నిజంగానే వచ్చాయి, మూడుసార్లు. అప్పుడు నాకు అతని ప్రశ్నకు రెండో జవాబు దొరికింది. అబద్ధం చెప్పేవాడు అవసరమే లేదు ఈ వ్యాపారానికి. పోయినవాడికి రాబట్టుకునే ఆశ ఉంటే చాలు, అతనే పక్క మంచం వాడి దగ్గరికి ప్రకటనై వస్తాడు. పెద్ద ప్రచారకర్తకు లక్షలమంది చూసేవాళ్లు ఉంటారు, మనవాడికి ఆరుగురే. కానీ ఆ ఆరుగురూ అతన్ని నమ్ముతారు.

అందుకే మీలో రీల్స్ చేసే తమ్ముళ్లకు ఒక మాట. పది వేలమంది అనుచరులు దాటగానే "ప్రమోషన్ చేస్తారా బ్రో" అని మెసేజ్‌లు వస్తాయి. "మీ బ్యాంకు అకౌంట్ నెల రోజులు వాడుకుంటాం, కమీషన్ ఇస్తాం" అని కూడా అడుగుతారు. ఆ ఖాతాల్లోకి వచ్చేది మన తమ్ముడిలాంటివాళ్ల ఫీజు డబ్బులే. పోలీసులు వచ్చినప్పుడు యాప్ యజమాని ఎక్కడో విదేశంలో ఉంటాడు. ఖాతా మీద ఉండేది మీ పేరు. ఆగిపోయేది మీ స్కాలర్‌షిప్ పడే ఖాతా.

మా నాన్న తక్‌పట్టీ చదివించుకున్నట్టే ఏ ప్రకటననైనా చదవమని నేనడుగుతున్నాను. ఈ మాట చెప్పినందుకు ఇతనికి డబ్బు ఎవరిస్తున్నారు? నేను గెలిస్తే ఇతనికి పెరుగుతుందా, ఓడితే పెరుగుతుందా? చూపించిన గెలుపు యాప్‌లోదా, బ్యాంకులోదా? వేసిన మొత్తం, తీసిన మొత్తం పక్కపక్కన చూపించాడా? డబ్బు ఎవరి పేరు మీదికి పోతోంది? ఈ అయిదింటికి వీడియోలో జవాబు లేకపోతే ఆ చీటీ ఖాళీగా ఉన్నట్టే. ఖాళీ చీటీ మీద నాన్న ఎన్నడూ వేలిముద్ర వేయలేదు.

ఇప్పటికే డబ్బు పోయినవాళ్లు ఉంటే, ముందు చేయాల్సింది ఇంకో వంద వేయడం కాదు, కాగితం తీసుకుని రెండు వరుసలుగా రాయడం. "మీ డబ్బు విడుదల కావాలంటే ముందు పన్ను కట్టాలి" అని యాప్ అడిగితే అది కూడా పోయే డబ్బే, కట్టవద్దు. మోసం జరిగిన వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి, లేదా cybercrime.gov.in లో ఫిర్యాదు రాయాలి. ఎంత తొందరగా చెబితే ఎదుటి ఖాతాలో డబ్బును ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. మన తమ్ముడు రెండు నెలలు సిగ్గుతో దాచాడు. అతని డబ్బు రాలేదు. మరునాడు పరీక్ష ఫీజు మేం ఆరుగురం కలిసి కట్టాం. ఆ ఆరుగురిమే, అతని కోడ్ మీద చేరినవాళ్లం.

ఆ కాగితం ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. ఒకవైపు 41 వరుసలు, ఇంకోవైపు మూడు. ఎవరైనా కొత్త తమ్ముడు లింక్ పట్టుకుని నా గదికి వస్తే ఏమీ అనను. ఆ కాగితం చేతికిచ్చి "మల్లొకసారి సదువు" అంటాను.